మందలపల్లి చాటింపు

మారెక్కతో ఒక పూట మాట్లాడినాక రెండో పూట మళ్ళీ మాట్లాడాలనుకున్న మనిషి మందలపల్లిలో లేడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ ఏనాడూ గొంతు తగ్గించలేదు. పావగడ వైపు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో అత్త, "నీ నోరు కాస్త ఆ గాదెలో పెట్టి రామే" అని దెప్పితే, "గింజే లేని గాదెకు నా నోరన్నా దక్కనీలే అత్తా" అన్నదట. ఆ మాట ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. నవ్వుతూ చెప్పుకునేవాళ్ళు తక్కువ.

మొగుడు తిప్పయ్య ఎర్రనేలలో శనక్కాయ వేసి వేసి, ఎండిన బోరు పక్కన ఇంకో బోరు వేయించి వేయించి, కడాకు చేన్లోనే గుండె ఆగి పడిపోయినాడు. ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపు కంటే బోరుబండి వాళ్ళను తిట్టిన తిట్లే ఊరికి ఎక్కువ జ్ఞాపకం. ఆ తర్వాత ఆమె చేను దున్నించలేదు. పుట్టింటివాళ్ళు ఇచ్చిన నాలుగు గొర్రెలతో మొదలుపెట్టి మందను పెంచింది. ఇంటి వెనక ముళ్ళకంపతో దొడ్డి కట్టింది. శనక్కాయకు వాన కావాలి, గొర్రెకు ఏదో ఒకటి కొరుక్కోడానికి ఉంటే చాలు. ఆమె సేద్యశాస్త్రం అంతే. పొద్దున దోటికర్ర భుజాన వేసుకుని జీవాలను గుట్టమీదికి తోలుకుపోవడం, సాయంత్రం దొడ్లో తోలి తడిక బిగించడం. పదేండ్లుగా ఆమె బతుకు ఆ తడిక మీదనే నిలబడి ఉండాది.

మందలపల్లి పంచాయతీగా ఉన్నన్నాళ్ళు ఆ తడికను ఎవరూ తాకలేదు. కదిరి రోడ్డు మీది చిన్న టౌను మునిసిపాలిటీ అయి, పక్కపల్లెలను కలుపుకున్నాక, మందలపల్లి ఒక వార్డు అయింది. ఇంటిపన్ను వచ్చింది, కొళాయి రాలేదు. పల్లెను ఆనుకుని లేఅవుట్లు వేసినారు. ఆ ఇళ్ళలోకి వచ్చిన ఉద్యోగస్తులకు గొర్రెల వాసన గిట్టలేదు. ఇంటి వెనక జీవాలు కట్టేస్తే ఈగలు, రోగాలు అని అర్జీలు పెట్టినారు. వాళ్ళ బాధ కూడా అబద్ధమేమీ కాదు. వానపడిన రోజుల్లో మందలపల్లి వీధిలో ముక్కు మూసుకోకుండా నడవడం మారెక్కకు తప్ప ఎవరికీ చాతకాదు.

ఒకనాటి పొద్దున తడిక తీస్తుండగా తప్పెట శబ్దం వినిపించింది. బాలప్ప వచ్చినాడు. మునిసిపాలిటీలో చెత్తబండికి మైకుండాది, పన్నులు కట్టమని అరిచే ఆటో ఉండాది. అయినా కొన్ని సంగతులు చాటింపు వేయించాలని పాత పద్ధతి. దానికి బాలప్పను పిలుస్తారు. వాళ్ళ నాయన కూడా ఈ చుట్టుపక్కల పల్లెలకు తప్పెట కొట్టినవాడే.

బాలప్ప మూడు దరువులు వేసి గొంతెత్తినాడు. "వినండోయ్! ఊర్లో ఇండ్ల మధ్య గొర్రెల దొడ్లు, మేకల దొడ్లు ఉండకూడదు! ఉన్నవి పీకెయ్యల్ల! పీకకుంటే జీవాలను బందెలదొడ్డికి తోలుకుపోతారు! జుల్మానా వేస్తారు! మునిసిపాలిటీ హుకుం!"

మారెక్క తడిక వదిలేసి వీధిలోకి వచ్చింది. "ఏం కూసినావురా?"

"నేను కూసింది కాదుమే. ఆపీసు చెప్పింది."

"ఆపీసుకు నోరు లేదా? నీ నోరెందుకు బాడిక్కి తెచ్చుకునింది?"

"నా నోరన్నా బాడిక్కి పోతుంది. నీ నోరు ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు" అన్నాడు బాలప్ప.

చూసేవాళ్ళు కిసుక్కున నవ్వినారు. ఆ నవ్వే పని చెరిచింది. మారెక్క చేతిలో దోటికర్ర ఉండాది. చివర చిన్న కొడవలి. ఒక్క పోటుకు తప్పెట తోలు నిలువునా చీలిపోయింది. బాలప్ప చీలిక వైపు చూసి, ఆమె మొహం మీద ఉమ్మేసినంత పని చేసి, ఇంకో దరువు వేయడానికి లేక వెనక్కి తిరిగినాడు. ఆ పొద్దు నుంచి వాళ్ళిద్దరూ ఎదురుపడితే ఒకరు దోవ మార్చేవాళ్ళు. ఎక్కువగా బాలప్పే.

వానాకాలం దాటినాక శానిటరీ ఇన్‌స్పెక్టరు ఆనంద్ మనుషులతో వచ్చినాడు. పాతికేండ్లు దాటిన వయసు, ఇస్త్రీ చొక్కా, చేతిలో గెజిట్ నకలు.

"బైలా వచ్చేసింది మారెక్కా. కౌన్సిల్ తీర్మానం అయింది, పైనుంచి మంజూరు అయింది, గెజిట్లో పడింది. ఇప్పుడిది చట్టం."

"ఎవర్ని అడిగి చేసినారప్పా?"

"అందరికీ చాటింపు వేసినాము. ఒక్క అభ్యంతరం కూడా రాలేదు."

"అభ్యంతరం చెప్పమని ఎవుడు చెప్పినాడు?"

ఆనంద్ గెజిట్ నకలు మడిచి తన మనుషులకు సైగ చేసినాడు. పొద్దున గుట్టకు పోకుండా మిగిలిన ఈనిన గొర్రెలను, పిల్లలను బందెలదొడ్డికి తోలించినాడు. అక్కడ పిల్లలను వేరే కట్టేసినారు, ఆ రోజంతా తల్లుల అరుపులు వీధి చివర దాకా వినిపించినాయి. మారెక్క జుల్మానా కట్టి సాయంత్రానికి విడిపించుకుంది. ఇంకోసారి పట్టుకుంటే వేలం వేస్తామని నోటీసు చేతికిచ్చినారు. ఈనిన గొర్రెలను వేలం వేస్తే మంద మంద కాదు. మంద లేకుంటే ఆమె ఏం చెయ్యల్ల? శనక్కాయ పెరకడానికి కూలికి పోయేందుకు కూడా ఈ పక్క చేన్లలో శనక్కాయ లేదు.

అనంతపురంలో కోర్టు రోడ్డు మీద పద్మజ అని వకీలు ఉండాది. మారెక్క చెల్లెలి కూతురి కేసు ఆమే చూసింది. మారెక్క బస్సు దిగి నేరుగా ఆమె టేబుల్ ముందు కూచుని, పలకరింపు కూడా లేకుండా నోటీసు ముందర విసిరింది.

"మమ్మల్ని అడక్కుండా చట్టం ఎట్ల చేస్తారు? అదొకటి చెప్పు."

పద్మజ నోటీసు చదివి కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "చేస్తారమ్మా. చట్టం కింద రూలు చేసేవాళ్ళు ప్రతి మనిషినీ పిలిచి అడగాలని ఎక్కడా లేదు. అడగలేదు కాబట్టి రూలు చెల్లదంటే మామూలుగా కోర్టు ఒప్పుకోదు."

"అయితే నేను ఎందుకొచ్చినట్టు?"

"ఆగు. అసలు చట్టంలో 'ముందు ముసాయిదా ప్రచురించు, ఫలానా తేదీ లోపల అభ్యంతరాలు చెప్పమను, వచ్చినవాటిని ఆలోచించు, ఆ తర్వాతే రూలు చెయ్యి' అని రాసిపెట్టి ఉంటే, అది షరతు. ఆ షరతు దాటితే రూలు పునాది లేకుండా కట్టిన గోడ. మునిసిపల్ బైలాలకు అట్లాంటి షరతు ఉంది."

"ముసాయిదా అంటే?"

"ఇట్లా చేయాలనుకుంటున్నాం, మీరేమంటారు, అని అడిగే కాగితం."

"నన్నెవుడూ ఏమంటావు అని అడగలేదు. పీకెయ్యి అన్నాడు."

పద్మజ కలం ఆగింది. "ఆ మాట మళ్ళీ చెప్పు. చాటింపు వేసినవాడు ఏమన్నాడు?"

మారెక్క బాలప్ప గొంతుతోనే అంతా అరిచి చెప్పింది. బయట అరుగు మీద కూచున్న కక్షిదారులు లోపలికి తొంగిచూసినారు. తప్పెట చీల్చిన సంగతి మాత్రం చెప్పలేదు.

పద్మజ ఆ మాటలన్నీ కాగితం మీద రాసుకుంది. "ఈ నోటీసు చూస్తే వాళ్ళు పేపర్లో వేయలేదంట, చాటింపే వేసినామంటున్నారు. అది తప్పు కాదు. ఏ దోవన ప్రచురించాలో వాళ్ళిష్టం కొంత ఉంటుంది. తప్పెటా, పేపరా, గోడమీద కాగితమా, దాన్ని పట్టుకుంటే మనం నిలవం. ఏ దోవన చెప్పినా, చెప్పాల్సింది చెప్పినారా లేదా, అదీ మన కేసు. 'అభ్యంతరాలు ఇవ్వండి' అన్న మాట జనం చెవిన పడలేదని చూపించాలి. నీ మాట ఒక్కటే చాలదు. ఆ చాటింపు మనిషి చెప్పాలి."

"వాడా!" అన్నది మారెక్క. "వాడు నాకోసం ఉమ్మి కూడా వెయ్యడు."

"అయితే వేయించుకో" అన్నది పద్మజ, మొదటిసారి ఆమెకు తగ్గ మాట దొరికినట్టు.

హైకోర్టులో రిట్ వేసినారు. తీర్పు వచ్చేదాకా దొడ్డి పీకవద్దు, జీవాలను పట్టవద్దు అని ఉత్తర్వు వచ్చింది. అది వచ్చిన రోజు మారెక్క ఆనంద్ ఆఫీసు మెట్ల మీద నిలబడి దాన్ని పెద్దగా చదివించింది. ఆనంద్ మొహం ఎర్రబడింది. ఆ తర్వాత వారానికి మునిసిపాలిటీ జవాబు పద్మజ చేతికి వచ్చింది. చాటింపు సక్రమంగా జరిగిందనీ, అభ్యంతరాలు ఇవ్వమని కూడా చెప్పించామనీ, కాకపోతే అర్జీదారే తప్పెట చీల్చి చాటింపుకు అడ్డుపడిందనీ అందులో ఉంది.

పద్మజ ఫోన్ చేసి అడిగింది. "చీల్చినావా?"

"చీల్చినా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

పద్మజ ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం మారెక్క బాలప్ప ఇంటికి పోయింది. అతను గడప మీద కూచుని కొత్త తోలు బిగించుకుంటున్నాడు. ఆమెను చూసి లేవలేదు.

"తోవ తప్పినావా?"

"తప్పలేదు. నీ దగ్గరకే వచ్చినా. ఆ పొద్దు నువ్వు అరిచిన అరుపు కోర్టుకు కావల్ల."

"అరుపు యాడుండాది? చీలిపోయింది."

"చీలకముందు ఊర్లో ఎన్ని వీధుల్లో వేసినావు?"

"అన్నిట్లోనూ. నీదే కడాకు పెట్టుకున్నా. నీ దగ్గర మొదలుపెడితే పని ముందుకు పోదని నాకు తెల్దా?"

మారెక్క గడప ముందు నేలమీద కూలబడింది. "ఆ వీధుల్లో ఏమని చెప్పినావు? అభ్యంతరాలుంటే ఇవ్వండి అని చెప్పినావా?"

బాలప్ప తోలు లాగడం ఆపినాడు. "ఆ కాగితంలో ఆ మాట ఉండాది. కడాన ఉండాది. నేను చదవలేదు."

"ఎందుకు చదవలేదురా?"

"ఎందుకు చదవల్ల? మా నాయన కాలం నుంచి చూస్తాండా. ప్రతి కాగితంలో కడాన ఏదో ఉంటుంది. నెంబరు, తేదీ, సంతకం, నకలు ఫలానా వారికి, ఇట్లాంటివి. అదంతా ఆఫీసుకు ఆఫీసుకు మధ్య మాట. మాది పై మాట. జప్తు, పన్ను, నీళ్ళు బంద్, కరెంటు బంద్, ఏదొచ్చినా హుకుమే. తప్పెట కొట్టి ఊరిని ఏమంటారు అని అడగడం నా పుట్టి బుద్ధెరిగినాక లేదు. ముసాయిదా అంటే ఎవురికి తెలుస్తాది? అందుకే తెలిసేటట్టు నా మాటలో చెప్పినా. ఉండకూడదు, పీకెయ్యల్ల అని."

"అదే చెప్పు కోర్టుకు."

"ఆనంద్ సారు నిన్న వచ్చినాడు" అన్నాడు బాలప్ప, వేరే సంగతి చెప్తున్నట్టు. "ఒక అఫిడవిట్ టైపు చేయించుకొచ్చినాడు. ఊరంతా తిరిగి అభ్యంతరాలు చెప్పమని చదివి వినిపించినా, మారెక్క వీధిలో మాత్రం ఆమె తప్పెట చీల్చినందున చెప్పలేకపోయినా అని. రేపు నోటరీ దగ్గరకు రమ్మన్నాడు."

"పెడతావా సంతకం?"

"పెడితే నా పని ఉంటుంది. పెట్టకుంటే ఈ తప్పెట ఇంట్లో దూలానికి తగిలించుకోవల్ల."

మారెక్కకు తిట్టడానికి మాటలు లేక కాదు, నోట్లో నిండుగా ఉన్నాయి. మింగింది. బతుకులో అది ఆమెకు అలవాటు లేని పని.

"నా మంద పోతాది బాలప్పా."

"పోతే పోనీ. నా తప్పెట పోలేదా?"

బాలప్ప తోలు మీద బొటనవేలితో కొట్టి చూసుకున్నాడు. బిగువు చాలలేదు. మళ్ళీ లాగినాడు.

"ఒకటి చెప్తా విను" అన్నాడు చివరికి. "నాకు నీమీద కోపం పోలేదు. పోదు. కానీ నేను చెప్పని మాట నేను చెప్పినానని నా గొంతు మీద రాసుకుంటే, రేపు ఏ మాట చాటినా ఊర్లో నా గొంతు ఎవుడు నమ్ముతాడు? వాళ్ళ కాగితం మీద పెట్టను. నీ వకీలు కాగితం మీద కూడా ఉన్నదంతా రాస్తేనే పెడతా. నేను అభ్యంతరం మాట చదవలేదని రాయల్ల. నువ్వు నా తప్పెట పొడిచినావని కూడా రాయల్ల. ఎందుకు పొడిచినావో కూడా. అందరూ నవ్వినారని."

"నవ్వింది నన్ను చూసి!"

"అది కూడా రాయించుకో."

మరుసటి రోజు ఇద్దరూ ఒకే బస్సులో అనంతపురం పోయినారు. వేర్వేరు సీట్లలో. పద్మజ బాలప్ప చెప్పిందంతా విని మారెక్కను పక్కకు పిలిచింది.

"తప్పెట మాట మనమే రాసిస్తే వాళ్ళు దాన్నే పట్టుకుంటారు. నీమీద కేసు పెట్టినా పెట్టొచ్చు. అది తీసేసి సంతకం పెట్టమని నువ్వు అడుగు."

"వాడు పెట్టడు."

"నువ్వు అడిగి చూడు."

మారెక్క బాలప్ప వైపు చూసింది. అతను కుర్చీలో కూచోకుండా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పొద్దున ఆనంద్ అతన్ని బస్టాండులో చూసి, ఈరోజు నుంచి నీ పని లేదని చెప్పినాడు.

"రాయి" అన్నది పద్మజతో. "పొడిచినా. రాయి."

వాదనల రోజు పద్మజ తన గదిలో కంప్యూటర్ పెట్టి ఇద్దరినీ కూచోబెట్టింది. అమరావతిలో ఆమె తోటి వకీలు నిలబడి వాదిస్తున్నాడు. మాటలన్నీ ఇంగ్లీషులో. పద్మజ మధ్యమధ్య తెలుగులో చెప్తోంది.

మునిసిపాలిటీ వకీలు మొదట గెజిట్ చూపించినాడు. గెజిట్లో పడిన రూలు సక్రమంగా చేసినట్టే లెక్క, ఇంకేమీ తవ్వకూడదని చట్టమే చెప్తోందన్నాడు.

"అంటే అయిపోయిందా?" అన్నది మారెక్క.

"ఉండు. జడ్జి అడుగుతున్నాడు, 'ముసాయిదా ముందుగా ప్రచురించి చేసిన బైలా' అని ఆ గెజిట్లో రాసుందా అని. ఆ రక్షణ అట్లా చెప్పుకునే గెజిట్‌కే." పద్మజ తెరవైపు వంగింది. "వాళ్ళ వకీలు లేదంటున్నాడు. ఆ మాట వేయలేదంట."

"మరి?"

"మరి, నిజంగా ఏం జరిగిందో జడ్జి చూస్తానంటున్నాడు."

మునిసిపాలిటీ వకీలు అప్పుడు తప్పెట సంగతి తీసినాడు. అర్జీదారు తానే చాటింపును ఆపి, ఇప్పుడు చాటింపు జరగలేదని కోర్టుకు రావడం సిగ్గుచేటన్నాడు. పద్మజ ఈ మాట తెలుగులో చెప్పేసరికి బాలప్ప గోడ వైపు తిరిగినాడు.

జడ్జి బాలప్ప అఫిడవిట్ తానే చదివినాడు. ఆమె పొడవడానికి ముందు మిగతా వీధులన్నీ అయిపోయినాయని ఇందులో ఉంది, ఆ వీధుల్లో అభ్యంతరాలు ఇవ్వమని చెప్పినట్టు చూపించడానికి మీ దగ్గర ఏముంది అని అడిగినాడు. మునిసిపాలిటీ వకీలు కాగితాలు తిరగేసినాడు. చాటింపు వేసినట్టు బాలప్ప పెట్టిన సంతకం ఉంది. ఏమని వేసినాడో లేదు. ఆ కాగితం జడ్జి చూసి పక్కన పెట్టినాడు.

తీర్పు కొన్నాళ్ళకు వచ్చింది. పద్మజ దాన్ని ఫోన్లో చదివి చెప్పింది. ప్రచురణ పద్ధతిలో చిన్న లోపాలుంటే రూలు పోదు. తప్పెటతో చెప్పినందుకు పోదు. కానీ ముసాయిదా జనం ముందు పెట్టి, అభ్యంతరాలు అడిగి, విని, ఆ తర్వాతే చెయ్యడం చట్టం పెట్టిన షరతు. ఇక్కడ జనానికి చేరింది ముసాయిదా కాదు, ఆజ్ఞ. అడగనిదానికి జవాబు రాలేదనడం అర్థం లేనిది. షరతు తీరలేదు గనుక దొడ్ల బైలా చెల్లదు. కట్టించుకున్న జుల్మానా తిరిగివ్వాలి. చట్టప్రకారం మళ్ళీ మొదటినుంచి చేసుకునే స్వేచ్ఛ మునిసిపాలిటీకి ఉంది.

"మళ్ళీ చేస్తారా?" అన్నది మారెక్క.

"చేయొచ్చు. ఈసారి అడిగి."

"అడిగినాక నేను వద్దంటే?"

"వినాలి. ఒప్పుకోవాలని లేదు."

"ఇంత చేసి ఇదా నువ్వు గెలిపించింది!" అని అరిచి ఫోన్ పెట్టేసింది మారెక్క. వీధిలో జనం ఆమె ఓడిపోయిందనుకుని రెండు రోజులు సంతోషంగా తిరిగినారు.

మునిసిపాలిటీ మళ్ళీ చేసింది. ఈసారి రెండు పేపర్లలో ముసాయిదా వేసింది, ఆటో మైకుతో గడువు తేదీ అరిపించింది. బాలప్పను పిలవలేదు. అతను కదిరిలో పెళ్ళి బ్యాండుతో పోతున్నాడని ఎవరో చెప్పినారు. మారెక్క ఆ మాట విని దోటికర్ర తీసుకుని గుట్ట దోవ పట్టింది.

అభ్యంతరాలు ఇచ్చే గడువులో ఆమె ప్రతి గొర్రెలవాడి ఇంటికి పోయింది. బాలప్ప గడప తప్ప జీవితంలో ఎవరి గడపా తొక్కనిది. కొందరు తలుపు తీయలేదు. తీసినవాళ్ళు కాగితం మీద వేలిముద్ర వేసింది ఆమెమీద ప్రేమతో కాదు. మునిసిపల్ ఆఫీసులో ఆనంద్ ముందు అందరికంటే ముందు నిలబడింది.

"చెప్పు" అన్నాడు ఆనంద్, తల ఎత్తకుండా.

"దొడ్డి ఊరి బయట పెట్టుకోవల్లంటే జాగా చూపించల్ల. నీళ్ళు ఇయ్యల్ల. ఈనిన జీవాలను ఇంటి దగ్గర ఉంచుకోనియ్యల్ల, బయట పెడితే కుక్కలు తింటాయి. బందెలదొడ్డిలో పిల్లలను తల్లులతోనే ఉంచల్ల."

ఆనంద్ రెండు ముక్కలు రాసి కాగితం తిప్పినాడు. "రాసినా. 'దొడ్డి తొలగింపుకు అభ్యంతరం.' ఇక పో."

"నేను చెప్పింది అది కాదు."

"సారాంశం అదే."

"సారాంశం నువ్వు చెప్పొద్దు. వినేవాళ్ళు కౌన్సిల్లో ఉండారు. నేను చెప్పింది రాయి. నీళ్ళు. కుక్కలు. పిల్లలు. అన్నీ."

"మారెక్కా, ఎనక ఇంతమంది ఉండారు. ఇంత రాస్తే కౌన్సిలు చదవదు."

"చదవకుంటే చదవలేదని రాయించుకుంటా. నువ్వు రాసింది నాకు చదివి వినిపించు. తప్పుంటే చెప్తా."

వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. ఇంకెవరో, "ఈమె ఉంటే మన పని సాయంత్రానికి కూడా కాదప్పా" అన్నారు. మారెక్క వెనక్కి తిరిగి వాళ్ళను ఒక చూపు చూసి, మళ్ళీ ముందుకు తిరిగి బల్లమీద రెండు చేతులూ ఆనించుకుని నిలబడింది. ఆనంద్ ఆ కాగితం కొట్టేసి కొత్తది తీసినాడు.

"మొదటినుంచి చెప్పు" అన్నాడు.